చుక్క పెడితే కోటప్పకొండ

నరసరావుపేటలో ఒకచోట నిలబడి చేతి జీపీఎస్‌లో చూస్తే అక్షాంశం 16° 14′ 24″, రేఖాంశం 80° 03′ 00″ అని కనిపించిందనుకుందాం. ఆ గుర్తులన్నీ పెట్టే ఓపిక లేక కాగితం మీద 16.1424, 80.0300 అని రాసుకున్నాం. సాయంత్రం ఇంటికొచ్చి అవే అంకెలు ఫోన్ మ్యాపులో కొడితే గుర్తు నరసరావుపేటలో పడదు. దక్షిణానికి, కాస్త పడమరగా 11 కిలోమీటర్లు జరిగి కోటప్పకొండ ప్రాంతంలో పడుతుంది. జీపీఎస్ తప్పు చెప్పలేదు, మ్యాపూ తప్పు చూపలేదు. డిగ్రీ గుర్తు ఉండాల్సిన చోట మనం చుక్క పెట్టాం, అంతే.

డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు. అంటే ఒక డిగ్రీలో 3600 సెకన్లు. పంచాంగంలో గ్రహస్ఫుటాలు చూసే అలవాటున్నవాళ్లకు ఇది కొత్త లెక్క కాదు. అక్కడ భాగ, కళ, వికళ అంటారు, వరసలు మాత్రం ఇవే. చుక్క పెట్టిన మరుక్షణం లెక్క మారిపోతుంది. చుక్క తర్వాతి అంకెలు నూటికి, పదివేలకు వచ్చే భాగాలు. 14 నిమిషాలంటే అరవైలో పద్నాలుగు; .14 అంటే నూటిలో పద్నాలుగు. మొదటిది డిగ్రీలో దాదాపు నాలుగో వంతు, రెండోది ఏడో వంతు.

మార్చేటప్పుడు కుడి చివర నుంచి మొదలుపెడితే తికమక ఉండదు. ముందు సెకన్లను 60తో భాగించాలి: 24 ÷ 60 = 0.4. దాన్ని నిమిషాలకు కలిపితే 14.4. మళ్లీ 60తో భాగిస్తే 0.24. డిగ్రీలకు కలిపితే 16.24. రేఖాంశం ఇంకా తేలిక: 3 ÷ 60 = 0.05, కాబట్టి 80.05. సరిచూసుకోవాలంటే వెనక్కి నడవాలి. 0.24ను 60తో గుణిస్తే 14.4, మిగిలిన 0.4ను మళ్లీ 60తో గుణిస్తే 24. మొదటి అంకెలు తిరిగొస్తే సరిపోయినట్టే.

ఇప్పుడు ఆ 11 కిలోమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. అసలు అక్షాంశం 16.24, మనం రాసింది 16.1424. తేడా 0.0976 డిగ్రీ. మన ప్రాంతంలో ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద సుమారు 110.65 కిలోమీటర్లు కాబట్టి తేడా 10.8 కిలోమీటర్లు. రేఖాంశంలో తేడా 0.02 డిగ్రీ. అక్కడ డిగ్రీ సుమారు 106.9 కిలోమీటర్లే, అంటే 2.1 కిలోమీటర్లు. ఒకటి దక్షిణానికి, ఒకటి పడమరకు. రెండూ కలిస్తే 11.

ఆ దిక్కు యాదృచ్ఛికం కాదు. అరవైతో భాగించాల్సినదాన్ని నూటితో భాగించినట్టు రాస్తే వచ్చే సంఖ్య ఎప్పుడూ అసలు కంటే చిన్నదే అవుతుంది. మనం ఉత్తర అక్షాంశంలో, తూర్పు రేఖాంశంలో ఉన్నాం కాబట్టి ఈ తప్పు పల్నాడులో ఏ ఊరినైనా నైరుతికే తోస్తుంది. నిమిషాలు ఎక్కువ ఉన్న కొద్దీ ఎక్కువ దూరం తోస్తుంది. మాచర్ల సుమారు 16° 29′, 79° 26′ దగ్గర ఉంది. అక్కడ ఇదే పొరపాటు చేస్తే దక్షిణానికి 21, పడమరకు 18 కిలోమీటర్ల పైచిలుకు జరిగి, మొత్తం 28 కిలోమీటర్ల అవతల నల్లమల వైపు పడతాం. 59′ 59″ను .5959 అని రాసినా తేడా 0.404 డిగ్రీనే. అంటే ఒక్కో దిశలో 45 కిలోమీటర్లకు మించి ఈ తప్పు పోదు. కాబట్టి గుర్తు కొన్ని కిలోమీటర్లు నైరుతికి జరిగి ఉంటే జీపీఎస్‌ను అనుమానించే ముందు చుక్కను అనుమానించాలి.

ఈ తప్పు బద్ధకస్తుల నోట్‌బుక్కుల్లోనే పుడుతుందనుకుంటే పొరపాటు. సర్వే పరికరాలే దీనికి దారి వేశాయి. చాలా టోటల్ స్టేషన్లలో, సర్వే కాలిక్యులేటర్లలో 47° 38′ 20″ అనే కోణాన్ని ఇవ్వాలంటే 47.3820 అని కొట్టాలి. మొదటి రెండంకెలు నిమిషాలు, తర్వాతి రెండు సెకన్లు అని యంత్రానికి తెలుసు. మీటల పని తగ్గించడానికి పెట్టిన పద్ధతి ఇది, పొలంలో హాయిగానే ఉంటుంది. ఆ ఫైలు కంప్యూటర్లోకి వచ్చి ఎక్సెల్‌లో తెరుచుకున్నప్పుడే చిక్కు. ఎక్సెల్‌కు ఆ ఒప్పందం తెలియదు. దానికి 47.3820 అంటే నలభై ఏడున్నర కంటే తక్కువ. నిజానికి ఆ కోణం నలభై ఏడున్నర కంటే ఎక్కువ.

ఎవరో పంపిన ఫైలు చేతికొచ్చింది, ఏ రూపంలో రాశారో చెప్పేవాళ్లు లేరు. అప్పుడు ఏం చేయాలి? చుక్క తర్వాత మొదటి అంకెను, మూడో అంకెను పై నుంచి కిందికి చూసుకుంటూ రావాలి. నిమిషాలు గానీ సెకన్లు గానీ 59 దాటవు కాబట్టి డిగ్రీ–నిమిషం–సెకను రూపంలో రాసినవైతే ఆ రెండు చోట్లా 6, 7, 8, 9 ఎక్కడా కనిపించవు. ఒక్కచోట కనిపించినా అవి మామూలు దశాంశాలే. పది వరసలు చూసినా ఎక్కడా 5 దాటకపోతే దశాంశాలు అయ్యే అవకాశం దాదాపు లేనట్టే. పట్టిక చిన్నదైతే ఈ పరీక్ష నమ్మకం కాదు. మూడు వరసల్లో 5 దాటని అంకెలు రావడం పెద్ద వింతేమీ కాదు.

పొలం గట్టు దగ్గర ఈ చుక్క ఖరీదు ఎంతో చూద్దాం. పాలిటెక్నిక్ కాలేజీల్లో ఇప్పటికీ నేర్పే వెర్నియర్ థియోడొలైట్‌లో ప్రధాన వృత్తం మీద గీతకు గీతకు మధ్య 20 నిమిషాలు. వెర్నియర్ పట్టీ ఆ 20 నిమిషాలను అరవై భాగాలు చేస్తుంది, అంటే అది చూపగలిగే అతి చిన్న కోణం 20 సెకన్లు. కంటి దగ్గరి భూతద్దంలో చూసినప్పుడు వెర్నియర్ సున్నా 47° 20′ గీత దాటి ఉంది. వెర్నియర్ మీద 18′ 20″ గీత కింది గీతతో సరిగ్గా కలిసింది. రెండూ కలిపితే 47° 38′ 20″. కొత్తగా నేర్చుకునేవాళ్లు వృత్తం మీది ఆ 20 నిమిషాలను మర్చిపోయి 47° 18′ 20″ అని రాసేయడం కూడా మామూలే. చివరికి వచ్చిన కోణం సరిగ్గా 20′ లేదా 40′ తేడాలో ఉంటే చూడాల్సింది అక్కడే.

ఆ కోణంలో 250 మీటర్ల దూరాన సరిహద్దు రాయి పాతాలి. సరైన దశాంశం 47.6389. దాన్ని 47.3820గా తీసుకుని సైన్, కొసైన్ లెక్కిస్తే తేడా 0.2569 డిగ్రీ. కాగితం మీద ఇది కంటికి ఆనదు. 250 మీటర్ల దూరంలో మాత్రం రాయి 1.12 మీటర్లు పక్కకు పడుతుంది. గురజాల పక్క మిరప చేలో మూడున్నర అడుగులు అంటే ఏమిటో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అదే పరికరం చదవడంలో 20 సెకన్ల తేడా వచ్చినా అంత దూరాన కలిగే తప్పు రెండున్నర సెంటీమీటర్ల లోపే. పరికరం నిజాయితీగా ఇచ్చిన ఖచ్చితత్వాన్ని మార్పిడి నలభై రెట్లకు పైగా పాడుచేసిందన్నమాట.

అదృష్టం ఏమిటంటే చుట్టూ తిరిగి మొదటి రాయి దగ్గరికే వచ్చే సర్వేలో ఈ తప్పు దాక్కోలేదు. నాలుగు మూలల పొలంలో లోపలి కోణాల మొత్తం 360 డిగ్రీలు కావాలి. కోణాలు 89° 42′ 20″, 91° 15′ 40″, 88° 36′ 00″, 90° 26′ 00″ అనుకోండి. నిమిషాలు, సెకన్లు పద్ధతిగా కూడితే రెండు డిగ్రీలు వస్తాయి, మొత్తం సరిగ్గా 360. ఇవే కోణాలను 89.4220, 91.1540, 88.3600, 90.2600 అని మామూలు అంకెల్లా కూడితే 359.1960. సుమారు 0.8 డిగ్రీ తక్కువ. 20 సెకన్ల పరికరంతో నాలుగు కోణాలు కొలిస్తే మొత్తంలో తేడా 40 సెకన్ల చుట్టుపక్కల ఉంటే సర్దుకోవచ్చు. డిగ్రీలో ముప్పాతిక దాటి తగ్గితే అది కొలతలో జరిగిన తప్పు కాదు, కూడికలో జరిగిన తప్పు. అలాంటి తేడాను నాలుగు మూలలకూ పంచేసి సర్దేస్తే ఇక ఆ రాళ్లను దేవుడే కాపాడాలి.

చుక్క తర్వాత ఎన్ని అంకెలు రాయాలన్నది ఇంకో మాట. మన దగ్గర అక్షాంశంలో ఒక సెకను అంటే నేల మీద 30.7 మీటర్లు, రేఖాంశంలో 29.7 మీటర్లు. సెకను వరకే చదివిన అంకెను కాలిక్యులేటర్ 16.236944444 అని చూపిస్తే ఆ చివరి నాలుగులన్నీ ఉత్త అలంకారం. సెకను పోకుండా ఉండటానికి ఐదు దశాంశ స్థానాలు చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలుపెట్టిన భూముల రీసర్వేలో వాడే రోవర్లు అలా కాదు. స్థిర కేంద్రాల నుంచి సవరణలు అందుకుంటూ అవి కొద్ది సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో స్థానం చెబుతాయి. అక్కడ సెకన్లకు కనీసం మూడు దశాంశాలు, డిగ్రీలకైతే ఏడు దశాంశాలు ఉండాలి. ఏడో స్థానంలో ఒకటి మారితే నేల మీద ఒక సెంటీమీటరు, ఐదో స్థానంలో మారితే ఒక మీటరు పైనే. ఆ అంకెలను ఎవరైనా పద్ధతి కోసం ఐదింటికి కుదిస్తే రోవర్ పెట్టి కొలిచిన కష్టం వృథా. లెక్క మధ్యలో కుదించడమూ అంతే. 38 ÷ 60ని 0.63 అని రాసుకుని ముందుకు పోతే అప్పుడే 12 సెకన్లు పోయాయి.

కొన్ని జీపీఎస్‌లు పెట్టెలోంచి తీసినప్పుడు మూడో రూపం చూపిస్తాయి. సెట్టింగుల్లో దాని పేరు `hddd°mm.mmm′` అని ఉంటుంది. అంటే డిగ్రీలు, ఆ తర్వాత దశాంశంతో నిమిషాలు. మన నరసరావుపేట స్థలం అందులో 16° 14.400′. చూడగానే కన్ను దాన్ని 14 నిమిషాల 40 సెకన్లు అని చదివేస్తుంది. నిజానికి 0.4 నిమిషం అంటే 24 సెకన్లే. తేడా 16 సెకన్లు, అంటే 490 మీటర్లు ఉత్తరానికి. ఇక్కడ తప్పు ఎప్పుడూ పెద్ద సంఖ్య వైపే వెళుతుంది కాబట్టి గుర్తు ఈశాన్యానికి జరుగుతుంది, ఒక్కో దిశలో ముప్పావు కిలోమీటరు దాటదు. గుర్తు పక్క వీధిలోనో, ఊరి చివరి చెరువు దగ్గరో పడుతుంది. కోటప్పకొండకు పోతే ఎవరైనా పట్టుకుంటారు, చెరువు దగ్గర పడితే జీపీఎస్ అంతేలే అనుకుంటారు. అందుకే మూడు రూపాల్లో నేను ఎక్కువగా భయపడేది దీనికే.

అన్నీ సరిగ్గా మార్చినా పాత పటాల దగ్గర ఇంకో గొడవ ఉంది. గురజాల కేంద్రంగా పల్నాడు ఒక తాలూకాగా ఉన్న రోజుల్లో వేసిన సర్వే పటాల అంచున రాసిన రేఖాంశాన్ని నేటి జీపీఎస్‌తో పోల్చితే పటం సుమారు 4.4 కిలోమీటర్లు తేడా చూపవచ్చు. కారణం ఆకాశంలో ఉంది. రేఖాంశం కొలవడమంటే రెండు చోట్ల స్థానిక కాలాల మధ్య తేడా కొలవడమే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, కాబట్టి గడియారంలో ఒక సెకను అంటే కోణంలో 15 సెకన్లు. గ్రీనిచ్ గడియారం చెంత లేని రోజుల్లో మద్రాసు నక్షత్రశాలలో ఖగోళవేత్త గోల్డింగ్‌హామ్ గురుగ్రహపు చందమామలు నీడలోకి మాయమయ్యే క్షణాలను టెలిస్కోపులో చూసి రేఖాంశం కట్టాడు. ఆ చుక్క టక్కున ఆరిపోదు, మెల్లగా మసకబారుతుంది. ఆరిన క్షణం ఏదన్నది చూసేవాడి కంటిని బట్టి, టెలిస్కోపును బట్టి మారుతుంది.

లాంబ్టన్ 1802లో మద్రాసు నుంచి మొదలుపెట్టిన త్రిభుజాల సర్వే రేఖాంశాలకు ఆధారం ఆ నక్షత్రశాలే. 19వ శతాబ్దం చివర టెలిగ్రాఫ్ తీగ మీద గడియారాలను నేరుగా పోల్చాక సర్వేకు మూలస్థానమైన కల్యాణ్‌పూర్ రేఖాంశం 77° 41′ 44.75″ కాదు, 77° 39′ 17.57″ అని తేలింది. తేడా 2′ 27.18″. దీన్ని మన పద్ధతిలో మార్చి చూద్దాం. 2 నిమిషాలు 120 సెకన్లు, మొత్తం 147.18 సెకన్లు. 3600తో భాగిస్తే 0.0409 డిగ్రీ. పల్నాడు అక్షాంశంలో అది 4.4 కిలోమీటర్లు. అదే 147.18ని 15తో భాగిస్తే గడియారంలో 9.8 సెకన్లు. పది సెకన్లు కూడా లేని ఒక కాలపు తేడా మొత్తం దేశాన్ని కాగితం మీద తూర్పుకు జరిపేసింది. పటంలో ఊరికి ఊరికి మధ్య దూరాలు మాత్రం చెక్కుచెదరలేదు. గీతల మీది అంకెలే మారాలి. కాబట్టి ఈ సంగతి తేలకముందు వేసిన పటం చదివేటప్పుడు రేఖాంశంలోంచి 2′ 27″ తీసివేయాలి, అక్షాంశాన్ని ముట్టుకోకూడదు. తేడా తూర్పు–పడమరల్లోనే ఉంటే, అదీ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఉంటే, దాని మూలం ఇదే.

ఆ సవరణ చేశాక కూడా నూట యాభై, రెండు వందల మీటర్లు మిగిలిపోతే గాభరా పడక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు ఎవరెస్ట్ పేరుతో ఉన్న భూగోళాకృతి మీద కట్టినవి. జీపీఎస్ వాడేది వేరే ఆకృతి. ఒకే రాయికి రెండింటిలో రెండు అంకెలుంటాయి. దాన్ని అరవైతో భాగించి సరిచేయలేం, సాఫ్ట్‌వేర్‌లో ఆకృతి మార్చాల్సిందే.

టెలిస్కోపు దగ్గరికి వస్తే కాలం సెకను, కోణం సెకను ఒకే వరసలో పక్కపక్కన కూర్చుంటాయి. చలికాలం రాత్రుళ్లు మనకు అన్నిటికంటే మెరిసే నక్షత్రం సిరియస్, అదే మృగవ్యాధుడు. దాని స్థానం నక్షత్ర పట్టికల్లో 6 గం. 45 ని. 9 సె., −16° 42′ 58″ అని ఉంటుంది. మొదటిది గంటలు. ముందు దశాంశ గంటలుగా మార్చాలి: 9 సెకన్లు 0.0025, 45 నిమిషాలు 0.75, మొత్తం 6.7525 గంటలు. ఆపై 15తో గుణిస్తే 101.2875 డిగ్రీలు. ఈ గుణకారం మర్చిపోతే టెలిస్కోపు ఆకాశంలో పూర్తిగా వేరే మూలకు తిరుగుతుంది కాబట్టి తప్పు వెంటనే దొరుకుతుంది.

రెండో అంకె ముందున్న మైనస్ అలా దొరకదు. చాలామంది డిగ్రీలకు మాత్రం మైనస్ ఉంచి, నిమిషాలను, సెకన్లను కలిపేస్తారు: −16 + 0.7161 = −15.2839. సరైనది −16.7161. మైనస్ మొత్తం కోణానిది, డిగ్రీలది మాత్రమే కాదు. తేడా 1.43 డిగ్రీ, దాదాపు మూడు నిండు చందమామల వెడల్పు. సిరియస్ కంటికి కనిపిస్తుంది కాబట్టి టెలిస్కోపును చేత్తో సరిచేసుకుంటాం. మసక నక్షత్రమో, తోకచుక్కో అయితే కటకంలో నల్లటి ఆకాశమే మిగులుతుంది. నరసరావుపేట నుంచి లెక్క సరిచూసుకోవాలంటే నక్షత్రం సరిగ్గా దక్షిణాన అన్నిటికంటే పైకి వచ్చినప్పుడు ఎత్తు చూడాలి. 90 లోంచి మన అక్షాంశం 16.24, మళ్లీ 16.7161 తీసేస్తే 57.04 డిగ్రీలు. తప్పు లెక్క 58.48 అంటుంది. టెలిస్కోపు స్టాండు మీది కోణపు పట్టీలో ఒకటిన్నర డిగ్రీ తేడా తెలిసిపోతుంది.

అంతకంటే గడుసైనది సున్నా. ఒరయన్ నడికట్టులోని మూడు నక్షత్రాల్లో ముందు ఉదయించేది మింటాకా. దాని స్థానం −0° 17′ 57″. డిగ్రీల గడిలో −0 అని కొడితే ఎక్సెల్ దాన్ని 0గా మింగేస్తుంది, మైనస్ ఆనవాలు కూడా ఉండదు. −0.2992 కావాల్సింది +0.2992 అవుతుంది, నక్షత్రం ఖగోళ మధ్యరేఖకు అటు నుంచి ఇటు దూకుతుంది. మైనస్ ఉందో లేదో చూసి మిగతావి తీసేయమని రాసిన సూత్రం కూడా ఇక్కడ మోసపోతుంది, ఎందుకంటే చూడటానికి మైనస్సే మిగల్లేదు. దిక్కును అక్షరంతో విడి గడిలో పెట్టుకోవడమే నమ్మకమైన దారి. A2లో డిగ్రీలు, B2లో నిమిషాలు, C2లో సెకన్లు, D2లో N లేదా S:

```
=IF(D2="S",-1,1)*(A2+B2/60+C2/3600)
```

A2, B2, C2 మూడింటిలోనూ మైనస్ పెట్టకూడదు. జవాబు గడికి కనీసం ఏడు దశాంశాలు కనిపించేలా ఫార్మాట్ చేయాలి, లేకపోతే ఎక్సెల్ తనకు తోచినన్ని చూపించి ఊరుకుంటుంది. ఆ కనిపించినదాన్నే కాపీ చేసి ఇంకోచోట పెట్టేవాళ్లు చాలామంది. B2 గానీ C2 గానీ 60 దాటి కనిపిస్తే ఆ వరస డిగ్రీ–నిమిషం–సెకను రూపంలో రాసింది కాదు, దాన్ని పంపినవాళ్లకే తిరిగి పంపి అడగాలి.